పోయిన పెట్టె, మిగిలిన బిల్లులు

నేను సింగపూరు వెళ్లొచ్చానని చెబితే మా ఏలూరులో సింగపూరు ఎలా ఉందని ఒక్కరూ అడగరు. "పెట్టె దొరికిందాండీ?" అని అడుగుతారు. అడిగి, నవ్వు ఆపుకోవడానికి పక్కకి చూస్తారు. ఇన్నేళ్లయినా ఈ జనానికి విసుగు పుట్టదు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు గవర్నమెంటు వాళ్లు ఇంకా కొట్టేయకముందు మాట ఇది. అప్పట్లో నాకు చేపల మేత డీలర్‌షిప్పు ఉండేది. కొల్లేటికోట దాకా నా బస్తాలే వెళ్లేవి. ఆ ఏడాది టార్గెట్ దాటిన డీలర్లందరినీ కంపెనీ వాళ్లు సింగపూరు తీసుకెళ్తామన్నారు. టికెట్టు, వీసా, హోటలు అన్నీ వాళ్లవే. ఆఖరికి ట్రావెల్ ఇన్సూరెన్సు కూడా వాళ్లే కట్టారు. ఆ పాలసీ కాగితం చేతికొచ్చినప్పుడు నేను చదవలేదు. అన్నం పెట్టేవాడు ఆకు కూడా వేస్తాడు కదా అనుకుని జేబులో పెట్టుకున్నాను.

చిక్కంతా ఉత్తరం చివర ఉన్న ఒక్క వాక్యంతో వచ్చింది. ఆఖరి రోజు విందుకి కోటు తప్పనిసరిట! ఏలూరు ఎండలో కోటు వేసుకునేవాడు పెళ్లికొడుకైనా అయ్యుండాలి, పిచ్చివాడైనా అయ్యుండాలి. నేను రెండూ కాదు. నా దగ్గర కోటు లేదు. ఆ మాటకొస్తే విమానం ఎక్కదగ్గ పెట్టె కూడా లేదు. తాడేపల్లిగూడెంలో మా బావమరిది ఉన్నాడు. పెట్టె, బూట్లు, కెమెరా వాడి దగ్గరే అరువు తెచ్చాను. అడక్కుండానే స్వెట్టరు కూడా ఇచ్చాడు. "సింగపూరులో చలి చంపేస్తదండి బావగారూ" అన్నాడు. వాడు రాజమండ్రి దాటి ఎరగడు.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఆ సామాను చూసింది. "ఎరువు సొమ్ము బరువు చేటు, తీయా పెట్టా చేటు, అందులో ఒకటి పోతే అప్పుల చేటు. మా అమ్మమ్మ ఊరికే అనలేదండీ" అంది. శుభమా అని బయల్దేరుతుంటే ఆ మాటలేంటని నేను కసురుకున్నాను.

ఇక కోటు. వన్‌టౌన్‌లో మా టైలరు సాయిబుగారున్నారు. అందరూ మాస్టారనే పిలుస్తారు. నా పెళ్లి చొక్కా దగ్గర్నుంచి నా బట్టలన్నీ ఆయన చేతివే. మా ఇద్దరి మధ్య ఏనాడూ బిల్లన్నది లేదు. ఆయన ఇంత అనేవారు, నేను ఇచ్చేవాణ్ణి. ఒకోసారి ఆయన అనకముందే ఇచ్చేవాణ్ణి, ఒకోసారి నెల తర్వాత ఇచ్చేవాణ్ణి. తెలిసినవాళ్లకి బిల్లు రాసివ్వడమంటే మా వైపు నమ్మకం లేదని మొహం మీద చెప్పినట్టే.

వారంలో కోటు కుట్టడం కుదరదన్నారాయన. నిజమే. కానీ ఆయన వెనక హ్యాంగరుకి నీలం రంగు కోటు ఒకటి వేలాడుతోంది. దాని మీదే నా కన్ను పడింది.

"అది పెళ్లికొడుకుదండి. ఉంగుటూరు స్కూలు మేష్టారిది. పెళ్లికి ఇంకా రెండు నెలలుంది. ఆయన అన్నదమ్ముల సూట్లు మూడు కూడా మనకే ఇస్తానన్నారు."

"నాలుగు రోజులే కదా మాస్టారూ. ఒక్క పూట వేసుకుని తెచ్చిస్తాను. మడత నలగదు."

"పరాయి సొమ్మండీ, ఏవండీ..."

ఆ రోజు ఆయన వద్దని మూడుసార్లు అన్నారు. నేను నాలుగుసార్లు అడిగాను. మా స్నేహంలో ఆ లెక్క ఎప్పుడూ అంతే. చివరికి కోటుని కవర్లో పెట్టి, హ్యాంగరుతో సహా ఇచ్చి, "పెట్టెలో కుక్కకండి. చేత్తో పట్టుకెళ్లండి" అన్నారు. నేను ఊపిన తల ఇప్పటికీ నాకు గుర్తే.

ఏలూరు స్టేషన్లో నాకు దండ వేశారు. మా వైపు విదేశం వెళ్లేవాడికి దండ వేసి ఫోటో తీయకపోతే వెళ్లినట్టే కాదు. దండ మెడలో వేసుకుని హ్యాంగరు చేత్తో పట్టుకుంటే ఇస్త్రీ బట్టలు పట్టుకెళ్తున్నట్టు ఉంటుందనిపించింది. ప్లాట్‌ఫారం మీదే పెట్టె తెరిచాను. ఆవకాయ సీసాల మీద పేపరు పరిచి, దాని మీద కోటు మడతపెట్టి మూసేశాను. ఆ తర్వాత ఫోటో దిగాను. బావమరిది బూట్లు కాళ్లకి, స్వెట్టరు భుజాల మీద, కెమెరా మెడలో, పెట్టె పక్కన. ఆ ఫోటో సంగతి మళ్లీ వస్తుంది.

మద్రాసులో విమానం ఎక్కి, మధ్యలో ఇంకోటి మారి సింగపూరులో దిగాం. బెల్టు మీద అందరి పెట్టెలూ వచ్చాయి. భీమవరం డీలరు గోనెసంచి కూడా వచ్చింది. నాది రాలేదు. బెల్టు ఆగిపోయేదాకా నిలబడ్డాను. ఆగాక కూడా కాసేపు నిలబడ్డాను.

ఎయిర్‌లైను కౌంటర్లో ఒకమ్మాయి పెట్టెల బొమ్మలున్న అట్ట ఒకటి చూపించి, ఇందులో మీది ఏది, రంగేమిటి అని అడిగింది. లోపల ఏమున్నాయంది. ఆ కంగారులో నాకు అబద్ధం తోచలేదు. ఆవకాయ, గోంగూర, ఎండురొయ్యల పొడి, సున్నుండలు, నాలుగు జతల బట్టలు, ఒక కోటు అని ఉన్నదున్నట్టు చెప్పాను. రొయ్యల పొడిని ఇంగ్లీషులో ఏమనాలో తెలియక ఇద్దరం తంటాలు పడ్డాం. తినే వస్తువులు, బట్టలు, ఒక కోటు అని రాసి, నంబరు వేసి, నాకో కాపీ ఇచ్చింది. దాన్ని ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్టు అంటారుట. పెట్టె పోయిందని రాయరు, సక్రమంగా లేదని రాస్తారు! మా చెరువుల్లో చేపలు చచ్చి తేలితే నేను కూడా అలాగే రాయాలనుకున్నాను.

విందులో అందరూ కోట్లలో ఉన్నారు. నేను పొట్టి చేతుల చొక్కాలో కూర్చున్నాను. ఆ చొక్కా బజార్లో కొన్నాను. బిల్లు కావాలంటే ఒక రేటు, అక్కర్లేదంటే ఇంకో రేటు అన్నాడు కొట్టువాడు. ఏలూరు రక్తం కదా, బిల్లు అక్కర్లేదన్నాను. సామాను ఆలస్యమైతే అత్యవసరంగా కొన్నవాటికి, రసీదులు చూపిస్తే, ఇన్సూరెన్సు వాళ్లిస్తారని తిరిగొచ్చాక పాలసీ చదివితే తెలిసింది.

దిగిన మర్నాడే వన్‌టౌన్ వెళ్లాను. మాస్టారు మిషను తొక్కుతున్నారు. నా చేతులు ఖాళీగా ఉండటం చూసి కాలు ఆపేశారు. చెప్పాను. పెట్టెలో పెట్టానని కూడా చెప్పాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"పెళ్లికి ఇంకా నెలన్నర ఉందండి. అదే గుడ్డ దొరికితే మళ్లీ కుడతాను. దొరక్కపోతే మాత్రం నా కొట్టు కథ అయిపోయినట్టేనండి. కస్టమరు బట్ట అరువిచ్చే టైలరు దగ్గరికి ఎవరొస్తారండీ?"

"గుడ్డ డబ్బు మొత్తం నాదే పూచీ. ఇన్సూరెన్సు ఉంది మాస్టారూ. క్లెయిము రాగానే మీ చేతిలో పెడతాను" అని గుండె మీద చెయ్యేసుకున్నాను. ఆ మాట మీద ఆయన గుడ్డల కొట్లో అరువు పెట్టి అదే నీలం గుడ్డ తెప్పించారు.

మూడు వారాలు ఎదురుచూస్తే గానీ ఎయిర్‌లైన్లు పెట్టె పోయిందని ఒప్పుకోవు. ఆ మూడు వారాలూ మద్రాసు ఆఫీసుకి ఫోన్లు చేసి గొంతు పోగొట్టుకున్నాను. చివరికి ఉత్తరం వచ్చింది. పెట్టె దొరకలేదు, చింతిస్తున్నాం, పరిహారం కిలోకి ఇంత చొప్పున ఇస్తాం అని. అవును, కిలోకే! లోపల బంగారముందా బెండకాయలున్నాయా అన్నది వాళ్లకనవసరం. టికెట్టు మీద రాసిన బరువు ఎంతో చూసి గుణించారు. ఆ పెట్టెలో కోటు కిలోన్నర ఉంటుందేమో. ఆవకాయ ఏడు కిలోలు.

మా ఆవిడ ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. "అయితే నేనింకో రెండు కిలోలు గోంగూర పెట్టాల్సిందండీ. వద్దని మీరే తీయించారు" అంది.

ఆ డబ్బు కోటు ఖరీదులో సగం ఉంటుంది. మిగతాది ఇన్సూరెన్సు నుంచి రాబట్టాలి. అప్పుడు పాలసీ చదివాను. ప్రయాణంలో మన అధీనంలో ఉన్న వస్తువులు, మనవి కాకపోయినా, లెక్కలోకి వస్తాయి. తినే వస్తువులు రావు. అంటే ఆ పెట్టెలో నిజంగా నా సొంతమైన ఆవకాయ లెక్కలోకి రాదు, నాది కాని కోటు వస్తుంది! వస్తువుకి రసీదు ఉండాలి. ఎయిర్‌లైను ఉత్తరం, ఆ రిపోర్టు, బోర్డింగ్ పాసు, పెట్టెకి కట్టిన ట్యాగు ముక్క జతచేయాలి. ఎయిర్‌లైను ఇచ్చినది పోను మిగిలినదే వీళ్లిస్తారు. బోర్డింగ్ పాసు, ట్యాగు ముక్క రెండూ జనానికి చూపించుకోవడానికి దాచుకున్నాను. డాబు మనిషిని ఒకోసారి కాపాడుతుంది.

కోటు బిల్లు పెళ్లికొడుకు పేరున ఉంది. "అదేముంది మాస్టారూ, నా పేరున ఇంకోటి రాసిచ్చేయండి" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి నా వంక చూశారు. "ఒక కోటుకి రెండు బిల్లులెలా ఉంటాయండి?"

"కాగితమే కదా."

"ఇచ్చిందే తప్పండి. దాని మీద ఇంకోటెందుకండీ? నేనెళ్లి పెళ్లికొడుక్కి ఉన్నమాట చెప్పుకుంటాను."

శుక్రవారం నమాజు కాగానే బస్సెక్కి ఉంగుటూరు వెళ్లారు. నేనూ వస్తానంటే వద్దన్నారు. తిరిగొచ్చేసరికి ఆయన చేతిలో పెళ్లికొడుకు దగ్గరున్న అసలు రసీదు ఉంది. ఆ కోటు నాకు అరువిచ్చారని తనకి తెలుసునని పెళ్లికొడుకు రాసిచ్చిన కాగితం కూడా ఉంది. కోపపడ్డాడా అని అడిగాను.

"ఆయ్, లేదండి. కాఫీ ఇచ్చారు. పెళ్లినాటికి కొత్త కోటు ఇస్తే చాలన్నారు. అన్నదమ్ముల సూట్లు మాత్రం రెడీమేడ్‌లో తీసుకుంటాంలెండి, మీకు శ్రమెందుకండి అన్నారు."

మా గోదావరి వాళ్లం మనిషిని ఇలాగే నరుకుతాం, కాఫీ ఇచ్చి, అండీ అని. మూడు సూట్ల పని పోయింది. "క్లెయిము రానివ్వండి" అన్నాను.

మాస్టారు కూడా సొంత దస్తూరీతో ఒక కాగితం రాసిచ్చారు. కోటు నేనే కుట్టాను, పలానావారిది, నేనే అరువిచ్చాను, ఖరీదు ఇంత, పైసా ఎక్కువ లేదు అని. కింద సంతకం, తేదీ. ఈ రెండు కాగితాలూ, రసీదూ పంపి ఊరుకుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

కానీ తాడేపల్లిగూడెం నుంచి మా బావమరిది దిగాడు. వాడి పెట్టె మామూలు పెట్టె కాదుట, దుబాయి పెట్టెట. అరువిచ్చిన రోజున "పాతదేనండి బావగారూ, మొహమాటపడకండి" అన్న పెట్టె, పోయేసరికి దుబాయిదైపోయింది. దాంతో ఆగలేదు. "కంపెనీ సొమ్మే కదండీ. కోటొక్కటే రాస్తే మనల్ని లోకువ కడతారండి. స్వెట్టరు రాయండి, బూట్లు రాయండి, కెమెరా రాయండి."

"కెమెరా మన బీరువాలోనే ఉంది కదరా!"

"బీరువా వాళ్లొచ్చి తీస్తారాండీ?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని చిన్నప్పట్నుంచి విన్నవాణ్ణే. అయినా తొక్కాను. బావమరిది మీదికి నెట్టేసి తప్పించుకోను. మాస్టారి సూట్ల పని పోయింది కదా, నాలుగు డబ్బులు ఎక్కువొస్తే ఆయనకీ ఇవ్వచ్చని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. దొంగతనానికి దానం అడ్డం పెట్టుకోవడం ఎంత సులువో! మూడో రోజుకి వాడు నాలుగు బిల్లులు తెచ్చాడు. తెలిసిన కొట్టుట. తేదీలు కూడా మనల్నే చెప్పమన్నార్ట, ఎంత మర్యాదో చూడండి!

ఆ రాత్రే ఉత్తరం రాశాను. మేత కంపెనీకి ఇరవయ్యేళ్లు ఉత్తరాలు రాసిన చెయ్యి. పోయిన వస్తువుల జాబితా, కొన్న తేదీలు, ఖరీదులు, జతచేసిన కాగితాల వివరం, అన్నీ నంబర్లు వేసి టైపు చేయించాను. "తమరి దయార్ద్ర హృదయానికి విన్నవించుకునేది" అని కూడా ఇంగ్లీషులో దంచాను. పెట్టె ఉన్నట్టు రుజువుగా స్టేషన్లో దండతో దిగిన ఫోటో కూడా జతచేశాను. ఆ ఆలోచన నాదే. ఎవరూ సలహా ఇవ్వలేదు.

పెళ్లి అయిపోయింది. మాస్టారు రెండ్రోజుల ముందే కొత్త కోటు ఉంగుటూరులో ఇచ్చొచ్చారు. గుడ్డ కొట్టువాడు అరువు సంగతి రెండుసార్లు అడిగాడని వేరేవాళ్ల ద్వారా తెలిసింది. ఆయన నాతో అనలేదు. ఎయిర్‌లైను చెక్కు నా దగ్గరే ఉంది. మొత్తం కలిపి ఒకేసారి ఇద్దామని ఆగాను. గొప్పగా ఇద్దామని.

విజయవాడ ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. చెక్కిస్తారనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకెళ్లాను. క్లెయిములు చూసే ఆవిడకి ముప్పై ఏళ్లుంటాయేమో. కూర్చోమని, మంచినీళ్లు తెప్పించి, నా కాగితాలన్నీ బల్ల మీద వరసగా పరిచారు.

"ఇవి మూడేళ్లలో నాలుగుసార్లు కొన్న వస్తువుల బిల్లులు కదండీ?"

"అవునండి."

"నంబర్లు చూడండి. యాభై ఒకటి, యాభై రెండు, యాభై మూడు, యాభై నాలుగు. మూడేళ్లలో ఆ కొట్టుకి మీరు తప్ప ఇంకెవరూ రాలేదాండీ?"

చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆవిడ సింగపూరు రిపోర్టు పక్కన పెట్టారు. అందులో కెమెరా లేదు, బూట్లు లేవు. తినే వస్తువులు, బట్టలు, ఒక కోటు. చివరికి ఫోటో తీశారు.

"పెట్టె కనిపిస్తోందండి. కెమెరా మీ మెడలో ఉంది. బూట్లు మీ కాళ్లకున్నాయి. స్వెట్టరు భుజాల మీద ఉంది. ఇవన్నీ మళ్లీ పెట్టెలోకి ఎప్పుడు దూరాయండీ?" ఆవిడ నవ్వలేదు. వెనక బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు నవ్వారు.

పోనీ, అవన్నీ కొట్టేసి కోటు ఒక్కటీ ఇప్పించండని చేతులు జోడించాను. ఆవిడ పాలసీ తిప్పి ఒక వాక్యం చూపించారు. క్లెయిములో ఏ కొంచెం మోసం ఉన్నా మొత్తం క్లెయిము చెల్లదు.

"కోటు కాగితాలు చాలా శుభ్రంగా ఉన్నాయండి. అరువు వస్తువు సంగతి ఇంత నిజాయితీగా రాసిన కాగితం నేనింతవరకు చూడలేదు. ఇదొక్కటే పంపి ఉంటే ఎప్పుడో ఇచ్చేసేవాళ్లం" అన్నారావిడ.

బస్సులో ఏలూరు వచ్చేదాకా నన్ను నేను తిట్టుకున్నాను. ఒక్క తిట్టూ సరిపోలేదు. దిగి తిన్నగా వన్‌టౌన్ వెళ్లాను. మాస్టారికి అంతా చెప్పాను, బిల్లుల నంబర్లు, ఫోటో, ఏదీ దాచకుండా. ఆయన దారం చుట్టడం ఆపకుండా విన్నారు.

"నా కాగితం కూడా వాటితోనే కలిపి పెట్టారాండీ?"

"పెట్టాను."

"ఒకే పిన్నుకి గుచ్చారా?"

అవునని తలూపాను.

మర్నాడు ఎయిర్‌లైను డబ్బుకి నా సొంతం కలిపి, గుడ్డకీ, పోయిన మూడు సూట్ల కుట్టుకూలికీ సరిపడా పట్టుకెళ్లాను. ఆయన లెక్కపెట్టి గుడ్డ డబ్బు మాత్రం తీసుకున్నారు. మిగతాది బల్ల మీద నా వైపు జరిపారు. ఎంత బతిమాలినా ముట్టుకోలేదు. సొరుగులోంచి బిల్లు పుస్తకం తీసి, కార్బను పెట్టి, అందిన డబ్బుకి రసీదు రాసి, చింపి నా చేతిలో పెట్టారు.

"మన మధ్య ఇదెందుకు మాస్టారూ?"

"ఉంచండి. పనికొస్తుందండి."

నా బట్టలు ఇప్పటికీ ఆయనే కుడతారు. మాట మారలేదు, మర్యాద మారలేదు, టీ తెప్పించడం కూడా మానలేదు. కానీ ఆ రోజు నుంచి బిల్లు లేకుండా ఒక్క పనీ చేయలేదు. మొన్న చొక్కాకి ఊడిన గుండీ ఒకటి కుట్టించుకోవడానికి వెళ్లాను. కుట్టారు. రెండు రూపాయలన్నారు. ఇచ్చాను. కళ్లజోడు సర్దుకుని, కార్బను పెట్టి, తేదీ వేసి, గుండీ ఒకటి, రెండు రూపాయలు అని రాసి, నంబరు నాకు కనబడేలా బిల్లు తిప్పి ఇచ్చారు.